నాలుగు అక్షరాల్లో మూడు వందల ఏళ్లు పట్టవు

సంసాతుఅ. సంగమ, సాళువ, తుళువ, అరవీడు. విజయనగరాన్ని ఏలిన నాలుగు వంశాల తొలి అక్షరాలు ఇవి. గ్రూప్స్ పరీక్షలకు చదివేవారి నోట్‌పుస్తకం ఏది తెరిచినా చరిత్ర భాగంలో ఇలాంటి అక్షరాల గుత్తులే కనిపిస్తాయి. వాటిని కోడ్‌లు అంటారు. వాటి వెనకున్న అభిప్రాయం కోచింగ్ తరగతుల్లో, స్టడీ రూముల్లో, సీనియర్లు జూనియర్లకిచ్చే సలహాల్లో ఎంతగా పాతుకుపోయిందంటే దాన్నెవరూ ప్రశ్నించడం లేదు. సిలబస్ సముద్రమంత ఉంది, పరీక్ష దగ్గరపడింది, ఒకేలా కనిపించే వంశాలూ చట్టాలూ తలలో కలగాపులగం అవుతున్నాయి. కాబట్టి ప్రతి క్రమానికీ ఒక కోడ్ కట్టుకుని రివిజన్‌లో ఆ కోడ్‌లు తిరగేస్తే చాలు, కాలరేఖలు గీస్తూ కూర్చోవడం తీరికున్నవాళ్ల పని. ఇదీ ఆ అభిప్రాయం.

దాని బలమేమిటో ముందు ఒప్పుకుందాం. పరీక్ష హాల్లో ఒత్తిడిలో ఉన్నప్పుడు చిన్న అక్షరాల గుత్తి చప్పున గుర్తొస్తుంది. ‘కాలక్రమంలో అమర్చండి’ అనే ప్రశ్నకు నేరుగా పనికొస్తుంది కూడా. కట్టుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు. ఇవన్నీ నిజమే. అయినా ఒకేలా కనిపించే వంశాలు, ఒకేలా వినిపించే సంస్కరణల విషయంలో ఈ సలహా తప్పు. అరకొరగా కాదు, మొదలంటా తప్పు. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. పేర్లు కలిసినచోటే కోడ్ చేతులెత్తేస్తుంది

కోడ్ పట్టుకునేది పేరులోని మొదటి అక్షరాన్ని. పేర్లు వేరువేరుగా ఉన్నంతసేపు అది పనిచేస్తుంది. కానీ పేర్లు వేరువేరుగా ఉన్నచోట అభ్యర్థి మామూలుగా తప్పు చేయడు. తప్పు జరిగేది పేర్లు దగ్గరగా ఉన్నచోట, అంటే మొదటి అక్షరం ఏ సాయమూ చేయలేని చోట.

1485 నుంచి 1509 దాకా విజయనగరాన్నే తీసుకోండి. ఆ పాతికేళ్లలో అధికారం నలుగురి చేతుల్లో నడిచింది. వారు సాళువ నరసింహరాయలు, ఇమ్మడి నరసింహ, తుళువ నరస నాయకుడు, వీర నరసింహరాయలు. నలుగురి పేర్లలోనూ ‘నరస’ ఉంది. దీనికి కోడ్ కడితే ‘న న న న’ అవుతుంది. సా, ఇ, తు, వీ అని పేర్ల ముందున్న మాటల అక్షరాలు పట్టుకోవచ్చు. కానీ ‘వీర’ అనేది తుళువ వంశానిదని, ‘ఇమ్మడి’ అనేది సాళువ వంశానిదని ఆ అక్షరాలు చెప్పవు. అప్పుడు వంశం కోసం ఇంకో కోడ్ కావాలి.

జరిగిన కథ చూస్తే ఈ చిక్కు విడిపోతుంది. సంగమ వంశపు చివరి రాజు ప్రౌఢరాయలు అసమర్థుడు. రాజ్యం చేజారిపోతుందని చంద్రగిరి పాలకుడైన సాళువ నరసింహుడు 1485లో సింహాసనం ఆక్రమించాడు. రాజధానిని పట్టుకుని అతనికి అప్పగించింది అతని సేనాని నరస నాయకుడే. 1491లో సాళువ నరసింహుడు చనిపోతూ పిల్లల్ని ఆ సేనానికి ఒప్పజెప్పాడు. పెద్దవాడు కొద్దికాలానికే హత్యకు గురయ్యాడు. రెండోవాడైన ఇమ్మడి నరసింహుడు పేరుకు రాజుగా ఉంటే, అతణ్ణి పెనుకొండలో ఉంచి నరస నాయకుడు రాజ్యం నడిపాడు. 1503లో నరస నాయకుడు పోయాక అతని కొడుకు వీర నరసింహుడు ఆ స్థానంలోకి వచ్చాడు. 1505లో ఇమ్మడి నరసింహుడు పెనుకొండలో హతుడయ్యాడు, వీర నరసింహుడు రాజయ్యాడు. తుళువ వంశం సింహాసనం ఎక్కింది అప్పుడే. 1509లో అతని తమ్ముడు కృష్ణదేవరాయలు వచ్చాడు.

యజమాని, యజమాని కొడుకు, సేనాని, సేనాని కొడుకు. ఈ నాలుగు బంధుత్వాలు పట్టుకుంటే నలుగురు నరసింహులూ ఇక తారుమారు కారు. సేనాని కొడుకు యజమాని కొడుక్కంటే ముందు రాజు కాలేడు కదా. ఈ జ్ఞాపకం తనను తాను సరిచూసుకుంటుంది. కోడ్‌కు ఆ శక్తి లేదు. ‘సంసాతుఅ’లో సం, సా తారుమారై ‘సాసంతుఅ’ అనిపించినా అందులో తప్పుందని ఏ అక్షరమూ చెప్పదు. రెండూ నోటికి ఒకేలా పలుకుతాయి. తప్పు చేసిన అభ్యర్థి తప్పు చేశానని తెలియకుండానే నిబ్బరంగా బయటికొస్తాడు.

2. అన్నిటికీ ఒకే బరువు

కోడ్‌లో ప్రతి వంశానికీ ఒక్కో అక్షరం. చదివేవాడి మనసులో నాలుగూ సమానమైన గదులుగా కుదురుకుంటాయి. ఇప్పుడు ఒక కాగితం అడ్డంగా పెట్టి, ఇరవై ఏళ్లకు ఒక సెంటీమీటరు చొప్పున 1336 నుంచి 1646 దాకా గీత గీయండి. మొత్తం పదిహేనున్నర సెంటీమీటర్లు వస్తుంది. అందులో సంగమ వంశం దాదాపు ఏడున్నర, అంటే సగానికి కాస్త తక్కువ. సాళువ వంశం ఒక్కటంటే ఒక్క సెంటీమీటరు. తుళువ మూడుంపావు, అరవీడు దాదాపు నాలుగు.

ఈ గీత ఏమిస్తుందో చూడండి. పారశీక రాయబారి అబ్దుల్ రజాక్ 1443లో వచ్చాడంటే అతని చుక్క సంగమ వంశపు పొడుగాటి గీతలో పడుతుంది. పోర్చుగీసు వారైన పేయస్, నూనిజ్ పదహారో శతాబ్దపు వారు, కాబట్టి తుళువ గీతలో పడతారు. ఒకరు కృష్ణదేవరాయల కాలం, మరొకరు అచ్యుతరాయల కాలం. సాళువల ఒక్క సెంటీమీటరులో ఈ యాత్రికులెవరికీ చోటు లేదు. దీన్ని బట్టీ పట్టనక్కర్లేదు, కంటికి కనిపిస్తుంది. యాత్రికులకు వేరే కోడ్ కట్టినవాడు మాత్రం ఆ కోడ్‌నూ వంశాల కోడ్‌నూ ఒకదానికొకటి ముడివేయలేడు. రెండు గుత్తులూ విడివిడిగా వేలాడుతుంటాయి, జతపరచమన్నప్పుడు మధ్యలో వంతెన ఉండదు.

ఇంతకంటే పెద్ద దెబ్బ 1565 దగ్గర తగులుతుంది. తళ్ళికోట యుద్ధం అని మనం పిలిచే రాక్షస తంగడి యుద్ధం నాటికి విజయనగర సింహాసనం మీద ఏ వంశం ఉంది? కోడ్ చదివినవాడి ఆలోచన ఇలా సాగుతుంది: అది వినాశనం, వినాశనం అంటే చివర, చివరి అక్షరం ‘అ’, కాబట్టి అరవీడు. జవాబు తప్పు. రాజు సదాశివరాయలు, తుళువ వంశస్థుడు. యుద్ధభూమిలో చనిపోయిన అళియ రామరాయలు అరవీటి వంశస్థుడే, అధికారమంతా అతనిదే, కానీ అతను రాజు కాదు. కృష్ణదేవరాయల అల్లుడు, రాజు పేర రాజ్యం నడిపినవాడు. అరవీటి వంశం కిరీటం పెట్టుకున్నది ఆ తర్వాత కొన్నేళ్లకు, పెనుకొండలో, రామరాయల తమ్ముడు తిరుమలరాయల కాలంలో.

కాలరేఖ మీద దీన్ని చూపాలంటే రెండు వరుసలు గీయాలి. పై వరుసలో సింహాసనం ఎవరిది, కింది వరుసలో అధికారం ఎవరిది. అలా గీస్తే ఒక సంగతి బయటపడుతుంది. 1491–1505 మధ్య కింది వరుసలో తుళువలు, పై వరుసలో సాళువలు. 1542 తర్వాత కింది వరుసలో అరవీటివారు, పై వరుసలో తుళువలు. రెండుసార్లూ కింది వరుసలో ఉన్నవారే పై వరుసకు ఎక్కారు. వంశం మారిన తీరు ఒకటే అని తెలిశాక క్రమం మరిచిపోవడం కష్టం. నాలుగు అక్షరాల వెనక ఈ ఎక్కిన తీరు మొత్తం మరుగున పడిపోయింది.

3. చరిత్ర ఒకే వరుసలో నిలబడదు

‘బాదామి, వేంగి, కల్యాణి’ అని మూడు చాళుక్య శాఖలను వరుసగా చదువుతారు. అలా చదివినవాడికి బాదామి అయ్యాక వేంగి, వేంగి అయ్యాక కల్యాణి అనే భ్రమ తప్పదు. నిజానికి రెండో పులకేశి తన తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుణ్ణి ఏడో శతాబ్దం తొలి భాగంలో వేంగిలో నిలిపినప్పుడు బాదామి రాజ్యం నిక్షేపంగా ఉంది. ఎనిమిదో శతాబ్దం మధ్యలో దంతిదుర్గుడు బాదామిని కూల్చి రాష్ట్రకూట రాజ్యం స్థాపించినప్పుడూ వేంగి నిలిచే ఉంది. 973లో రెండో తైలపుడు రాష్ట్రకూటులను తోసి పశ్చిమాన చాళుక్య రాజ్యాన్ని మళ్లీ నిలబెట్టినప్పుడూ వేంగి ఉంది. పడమట మూడు రాజ్యాలు మారుతుంటే తూర్పున దాదాపు ఒక్క గీతే సాగింది. ఆ గీతలోనే నన్నయను ఆదరించిన రాజరాజ నరేంద్రుడు వస్తాడు, అతని కొడుకు 1070లో కులోత్తుంగుడన్న పేరుతో చోళ సింహాసనం ఎక్కుతాడు.

ఇది రెండు గీతల బొమ్మ. అక్షరాల గుత్తికి పక్కపక్కన నడవడం తెలియదు, ఒకదాని వెనక ఒకటి నడవడమే తెలుసు. ‘రాష్ట్రకూటుల సమకాలికులు ఎవరు’ అని అడిగిన రోజున కోడ్ తప్పుదారి పట్టిస్తుంది.

4. చట్టాల క్రమం సంవత్సరమే చెబుతుంది, తికమక వేరేచోట ఉంది

సంస్కరణల విషయంలో కోడ్‌ల వాదన మరీ బోలుగా ఉంది. రాజవంశాల పేర్లలో అంకెలు లేవు, కాబట్టి క్రమానికి ఏదో ఆసరా కావాలనడం అర్థమవుతుంది. చట్టాల పేరులోనే సంవత్సరం ఉంది. 1909, 1919, 1935. వీటిని వరుసలో పెట్టడానికి మింటో, మాంటేగు అంటూ అక్షరాలు కూర్చడం ఎందుకు? చార్టర్ చట్టాలైతే 1793, 1813, 1833, 1853. కంపెనీ పట్టాను ఇరవై ఏళ్లకోసారి పొడిగించేవారని ఒక్క ముక్క తెలిస్తే నాలుగూ వచ్చేస్తాయి. 1853 చట్టం గడువు పెట్టకుండా పొడిగించింది, అందుకే 1873 చార్టర్ చట్టం అనేది లేదు.

అభ్యర్థులు పొరబడేది ఏ చట్టం ముందు, ఏది వెనక అని కాదు. ఏ చట్టంలో ఏముంది అని. అందులోనూ ఒకే మాట పలుచోట్ల తిరిగే విషయాల్లో. అలాంటి మాటల్లో మొదటిది ద్వంద్వ పాలన. క్లైవు ద్వంద్వ ప్రభుత్వం, పిట్టు చట్టపు ద్వంద్వ నియంత్రణ, 1919 ద్వంద్వ పాలన, 1935 ద్వంద్వ పాలన. మొదటి మూడింటికీ ఒక కోడ్ కట్టి ‘క్లైపిమాం’ అనో మరొకటో బట్టీ పట్టినవాడికి దక్కేది వరుస ఒక్కటే. ప్రశ్న వరుస మీద రాదు. ‘సరికాని వ్యాఖ్యను గుర్తించండి’ అని వస్తుంది. దానికి కాలరేఖ మీద ప్రతి చుక్క కింద ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఆ రెండూ ఏవి?

1765లో రెండూ ఏవి? బెంగాల్లో పన్ను వసూలు చేసే దివానీ హక్కు కంపెనీది, శాంతిభద్రతలూ న్యాయమూ చూసే నిజామత్ పేరుకు నవాబుది. డబ్బు ఒకరి దగ్గర, బాధ్యత ఇంకొకరి నెత్తిన. 1772లో వారన్ హేస్టింగ్స్ దాన్ని తీసేశాడు. 1784లో రెండూ ఏవి? ఇవి ఇండియాలో లేవు, లండన్‌లో ఉన్నాయి. వ్యాపారం చూసే కంపెనీ డైరెక్టర్ల కోర్టు ఒకటి, రాజకీయ వ్యవహారాలు చూసే ప్రభుత్వ బోర్డు ఆఫ్ కంట్రోల్ రెండోది. 1919లో రెండూ ఏవి? ప్రతి రాష్ట్రంలో పాలనాంశాలను రెండుగా చీల్చారు. విద్య, వైద్యం, స్థానిక పాలన లాంటివి శాసనమండలికి జవాబు చెప్పే మంత్రులకు ఇచ్చారు. ఆర్థికం, పోలీసు, భూమిశిస్తు లాంటివి గవర్నరు తన కార్యనిర్వాహక సభ్యులతో అట్టిపెట్టుకున్నాడు. 1935లో రాష్ట్రాల్లో ఆ చీలికను తీసేశారు, అదే చీలికను కేంద్రంలో పెట్టదలచారు. సంస్థానాలు సమాఖ్యలో చేరకపోవడంతో ఆ భాగం అమలులోకి రానేలేదు.

ఇప్పుడు దీన్ని మన నేల మీదకు దించుదాం. మద్రాసు రాష్ట్రంలో 1919 చట్టం కింద జస్టిస్ పార్టీ మంత్రివర్గాలు నడిచాయి. తెలుగువాడైన పానగల్ రాజా ముఖ్యమంత్రిగా స్థానిక పాలన శాఖ చూశాడు. భూమిశిస్తు ఆయన చేతికి రాలేదు, రావడానికి వీల్లేదు, అది గవర్నరు అట్టిపెట్టుకున్న అంశం. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చింది, 1935 చట్టం కింద. అందులో రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం. ఆయన అధ్యక్షతనే జమీందారీ విచారణ కమిటీ పనిచేసింది. ఎన్నికైన మంత్రి చేతికి భూమిశిస్తు శాఖ వచ్చిందంటే రాష్ట్రంలో ద్వంద్వ పాలన పోయిందన్నమాట. ‘1935 చట్టం రాష్ట్రాల్లో ద్వంద్వ పాలన ప్రవేశపెట్టింది’ అనే వాక్యం ఎదురైతే ప్రకాశం గారి శాఖ గుర్తొచ్చినవాడు దాన్ని క్షణంలో కొట్టేస్తాడు. కోడ్ గుర్తొచ్చినవాడు నాణెం ఎగరేసుకోవాలి.

ఇదే తీరున శాసనాధికారాన్నీ చూడవచ్చు. 1833 చట్టం మద్రాసు, బొంబాయిల నుంచి చట్టాలు చేసే అధికారాన్ని లాక్కుని గవర్నర్ జనరల్ దగ్గర పోగుచేసింది. 1861 చట్టం తిరిగిచ్చింది. తీసుకోవడం, ఇవ్వడం అని చుక్కల మధ్య బాణం గీస్తే చాలు. ఇచ్చింది ముందు, తీసుకున్నది వెనక అయ్యే అవకాశమే లేదు.

5. ‘టైం లేదు’ అనే వాదన

మిగిలిన వాదన ఇదొక్కటే. నిజంగా టైం తినేది ఏదో లెక్క చూడాలి. ఒక కోడ్ రెండు నిమిషాల్లో తయారవుతుంది. కానీ వంశాలకు ఒకటి, రాజులకు ఒకటి, యాత్రికులకు ఒకటి, చట్టాలకు ఒకటి, వైస్రాయిలకు ఒకటి. నెల తిరిగేసరికి ఏ కోడ్ దేనిదో గుర్తుపెట్టుకోవడానికి మరో కోడ్ కావాల్సి వస్తుంది. పైగా కోడ్ ముందు నుంచే నడుస్తుంది. తుళువలకు ముందు ఎవరని అడిగితే ‘సం, సా...’ అని మొదటి నుంచి చదువుకుంటూ రావాలి. మధ్యలోంచి మొదలుపెట్టడం, వెనక్కి నడవడం దానికి చేతకాదు.

కాలరేఖకు ఎంత టైం పడుతుంది? విజయనగరానికి ఒక కాగితం, చాళుక్యులకు ఒకటి, 1773–1935 చట్టాలకు పదేళ్లకో సెంటీమీటరు చొప్పున దాదాపు పదహారు సెంటీమీటర్ల గీత ఉన్న కాగితం ఒకటి. మొదటిసారి పుస్తకం ముందు పెట్టుకుని, కొలతతో, స్కేలు పెట్టి గీయండి. ఆ తర్వాత పుస్తకాన్నీ కాగితాన్నీ పక్కన పడేయండి. మరునాడు తెల్లకాగితం మీద మొదటి, చివరి సంవత్సరాలు మాత్రమే వేసి మిగతాదంతా తలలోంచి తీసి నింపండి. పాత కాగితంతో పోల్చి తప్పులు ఎర్ర పెన్నుతో దిద్దండి. తప్పులు ఎక్కడ గుమిగూడతాయో మీకే కనిపిస్తుంది. వంశాల నడిమధ్యలో కాదు, అతుకుల దగ్గర. 1485, 1505, 1565–70. తర్వాతి రివిజన్‌లో ఆ అతుకులు మాత్రమే గీయాలి, మొత్తం కాగితం కాదు. నాలుగు రోజుల ఎడంతో ఒకసారి, రెండు వారాల ఎడంతో మరోసారి చేస్తే రివిజన్ ఐదు నిమిషాల పనికి దిగుతుంది.

చూసి చదవడం ఇందులో లేదు, గమనించండి. గీసిన కాలరేఖను గోడకు అంటించి రోజూ చూస్తూ పోవడం కోడ్ వల్లించడం కంటే ఏమీ మెరుగు కాదు. కంటికి అలవాటైనదంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది, తెల్లకాగితం ముందు కూర్చుంటే రాదు. కాలరేఖ పద్ధతిని తప్పుపట్టేవారిలో చాలామంది గోడకు అంటించి ఫలితం లేదన్నవారే.

6. కోడ్‌కు దక్కాల్సిన చోటు

క్రమం లేనిచోట, కారణం లేనిచోట కోడ్ వాడండి. బహమనీ రాజ్యం చీలి ఐదు ముక్కలైంది. ఏ ముక్క ఏ వంశానిదో కథలోంచి ఊహించి చెప్పలేం, ఊరకే గుర్తుపెట్టుకోవాలి. అక్కడ అక్షరాలు సాయపడతాయి. గోల్కొండ కుతుబ్‌షాహీలు మనకు పుట్టుకతో తెలిసినవారే. అహ్మద్‌నగర్ దాన్ని కట్టించిన అహ్మద్ నిజాంషా పేరు మోస్తోంది, కాబట్టి నిజాంషాహీలు. అందరూ తికమకపడే బీదర్, బీరార్ జంటకు ఇదీ చిట్కా: బీదర్‌లో ఉన్న బ, ద, ర అనే మూడు హల్లులే చోటు మార్చుకుంటే బరీద్. కాబట్టి బీదర్‌ది బరీద్‌షాహీ. మిగిలిన బీరార్‌కు ఇమాద్‌షాహీ, బీజాపూర్‌కు ఆదిల్‌షాహీ. ఇది మంచి కోడ్. ఎందుకంటే అది పేరులోంచే పుట్టింది, సందేహం వచ్చిన రెండు పేర్లనే విడదీసింది, ఏ క్రమాన్నీ కప్పిపుచ్చలేదు.

క్రమం ఉన్నచోట, అందులోనూ ఒకటి కూలితేనే రెండోది లేచిన చోట, ఒక చట్టం తీసుకున్నది ఇంకో చట్టం తిరిగిచ్చిన చోట కోడ్‌తో మొదలుపెట్టమని పిల్లలకు చెప్పడం వాళ్లకు చేసే సాయం కాదు. వంశాల పాఠం చెప్పేవారు బోర్డు మీద నాలుగు అక్షరాలు రాసి వెళ్లిపోవడం మానేయాలి. సింహాసనం ఎవరిది, అధికారం ఎవరిది అని రెండు గీతలు కొలతతో గీయాలి. పెనుకొండలో ఇమ్మడి నరసింహుణ్ణి ఎందుకు చంపారో చెప్పాలి, మళ్లీ అదే పెనుకొండలో అరవీటివారు ఎందుకు పట్టం కట్టుకున్నారో చెప్పాలి. ఆ పదిహేను నిమిషాలు పెట్టని తరగతిలో పిల్లవాడు తీసుకెళ్లిన కోడ్, ప్రశ్న కొంచెం పక్కకు జరిగి అడిగిన రోజున వాడి చేతిలోని మార్కును పోగొడుతుంది.